వైవాకి సీనియర్ల ప్రశ్నల కట్ట మేలా, మన మూడో అధ్యాయమే మేలా?

ఎంఎడ్ వైవాకి వారం ఉందనగా మా బ్యాచ్‌లో అందరి చేతుల్లోనూ ఒకటే జిరాక్స్ కట్ట. పరికల్పన అంటే ఏమిటి, టీ-టెస్ట్ ఎప్పుడు వాడతారు, రిలయబిలిటీకీ వాలిడిటీకీ తేడా ఏమిటి... ఇలా పేజీలకి పేజీలు, కింద జవాబులు. నేనూ మూడు రాత్రులు కూర్చుని బట్టీ పట్టాను. తర్వాత టెన్షన్ ఆగక, సొంత డిసర్టేషన్‌లో మెథడ్ ఉన్న మూడో అధ్యాయం తీసి, ప్రతి వాక్యం పక్కన "ఇదే ఎందుకు?" అని పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లాను. రెండూ చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, మెథడ్ మీదా పరిమితుల మీదా వచ్చే ప్రశ్నలకి ఆ కట్ట కాపాడదు, ఒక్కోసారి ఇరికిస్తుంది కూడా.

నా టాపిక్ తొమ్మిదో తరగతి పిల్లల చదువు అలవాట్లకీ లెక్కల మార్కులకీ ఉన్న సంబంధం. అమలాపురం, పి.గన్నవరం వైపు నాలుగు జిల్లా పరిషత్ హైస్కూళ్లు, బడికి 30 మంది చొప్పున 120 మంది. ఎంపిక దగ్గర "యాదృచ్ఛిక నమూనా" అని రాసేశాను, అందరూ అలాగే రాస్తున్నారు కదా అని. కట్టలో దానికి జవాబు కూడా ఉంది: జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. నిర్వచనం కరెక్టే. కానీ అది గడగడా అప్పజెప్పగానే ఎగ్జామినర్ అడిగే తర్వాతి ప్రశ్న, "అయితే మొత్తం బళ్ల జాబితా చూపించండి, లాటరీ ఎలా తీశారు?" అనే. నేను తీసిన లాటరీ ఏమీ లేదు, స్కూటీ మీద వెళ్లగలిగి, హెడ్మాస్టర్ ఒప్పుకున్న బళ్లు అవి, ఆ రోజు తరగతిలో ఉన్న పిల్లలు వాళ్లు. అది అనుకూల నమూనా. కాబట్టి అందంగా చెప్పిన నిర్వచనమే నా మీద సాక్ష్యం అవుతుంది. పెన్సిల్ పద్ధతిలో ఈ గుంట ముందే కనపడింది, "యాదృచ్ఛికం అని రాయడం నా పొరపాటండి, ఇది అనుకూల నమూనా, అందుకే ఈ ఫలితాన్ని జిల్లా అంతటికీ వర్తింపజేయలేను" అని చెప్పడానికి సిద్ధమయ్యాను.

పరిమితుల దగ్గర ఇంకా ఘోరం. "ఈ అధ్యయనం 120 మందికే పరిమితం, తొమ్మిదో తరగతికే పరిమితం" అని కట్టలో ఉన్నట్టే నేనూ రాశాను. అవి పరిమితులు కావు, నా అంతట నేను గీసుకున్న హద్దులు, డీలిమిటేషన్స్ అంటారు వాటిని. పరిమితి అంటే నా చేతిలో లేకుండా జరిగి ఫలితాన్ని కదిపినది. అదేమిటో నాకు హాజరు పట్టీ చూస్తేగానీ తట్టలేదు. ఒక బడికి నేను వెళ్లింది ఆగస్టులో, గోదావరి వరద మీద ఉంది, కాజ్‌వేలు మునిగాయి, గోదావరి మధ్య లంకల నుంచి వచ్చే పిల్లలు దాదాపు ఎవరూ ఆ రోజు రాలేదు. నా 30 మందీ రోడ్డు పక్క ఊళ్ల పిల్లలే. ఇక్కడితో ఆగకూడదు, ఎగ్జామినర్ "అయితే ఏమైంది?" అంటారు. వరదకి ఏటా బడి పోగొట్టుకునే పిల్లలు తప్పిపోయారు కాబట్టి నా మార్కుల సగటు అసలుకన్నా కొంచెం ఎక్కువ వచ్చి ఉండొచ్చు, అందరూ ఒకే రకం పిల్లలు అయ్యేసరికి 0.32 వచ్చిన నా సహసంబంధం నిజానికన్నా తక్కువగానూ కనపడి ఉండొచ్చు. ఎవరు తప్పిపోయారు, దానివల్ల అంకె ఏ వైపు జరిగి ఉంటుంది, ఈ రెండూ చెప్పగలిగితేనే అది జవాబు.

ఒంటరిగా పెన్సిల్ పట్టుకుంటే మన తప్పు మనకి కనపడనివీ ఉంటాయి. నా నాలుగో అధ్యాయంలో అబ్బాయిలకీ అమ్మాయిలకీ టీ విలువ 1.4 వచ్చింది, పట్టికలో 0.05 స్థాయికి కావలసింది 1.98. తెలుగు బోధన మెథడ్‌గా చేసిన మా ఫ్రెండ్‌కి ఆ ఒక్క పట్టిక ఇచ్చి అడగమన్నాను.

"అయితే ఏమిటి తేలిందే?"

"ఇద్దరికీ తేడా లేదని తేలింది."

"లేదని తేలిందా, ఉందని తేలలేదా?"

నోట మాట రాలేదు. తేడా లేదనే శూన్య పరికల్పనని తిరస్కరించలేకపోయాం అన్నంత మాత్రాన అది నిజమని రుజువైనట్టు కాదు, ఉన్న తేడాని పట్టుకోడానికి నా 120 మంది చాలకపోయి ఉండొచ్చు. గణాంకాలు రాని మనిషే ఈ ప్రశ్న సూటిగా వేస్తుంది, మనకి అలవాటైపోయిన వాక్యం ఆమెకి కొత్త కాబట్టి.

కట్ట పారేయమనడం లేదు. మొదటి రెండు మూడు ప్రశ్నలు నిర్వచనాలే ఉంటాయి, ఒక సాయంత్రం చాలు వాటికి. మిగతా ఆరు రోజులూ మూడో అధ్యాయానికి ఇవ్వండి, అందులో ఒకరోజు వేరే సబ్జెక్టు మెథడ్ వాళ్ల చేత అడిగించుకోండి.

నా వైవాలో ఎగ్జామినర్ నిర్వచనాలు అడగనేలేదు. నమూనా పేజీ తీసి, ఊళ్ల పేర్లు చూసి, "మీ 120లో లంక పిల్లలు ఎంతమందమ్మా?" అన్నారు.

"ముగ్గురేనండి ఆయ్," అన్నాను, వరద సంగతి మొదలుపెడుతూ.