‘రియల్ టైమ్ స్టాక్ సింక్’ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

తిరుపతిలో షాపుతో పాటు ఆన్‌లైన్‌లోనూ అమ్ముకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నా. షాపు బిల్లింగ్, సొంత వెబ్‌సైట్, మార్కెట్‌ప్లేస్ లిస్టింగులు మూడింటి స్టాక్‌నూ ఎప్పటికప్పుడు సరిచూస్తుందని చెప్పి మాకు ఒక సాఫ్ట్‌వేర్ అమ్మారు. ఏడాది చందా ముందే కట్టించుకున్నారు. బ్రహ్మోత్సవాల రద్దీలో దాని బండారం బయటపడింది.

మాది ఇత్తడి సామాన్ల షాపు. ఒక రకం దీపపు కుందులు 6 జతలు ఉన్నాయి. ఆ సాయంత్రం నెట్ పోయింది. కౌంటర్‌లో 4 జతలు బిల్లయ్యాయి, షాపు కంప్యూటర్‌లో 2 మిగిలాయి. అదే సమయంలో వెబ్‌సైట్‌లో 3 జతలకు ఆర్డర్లు పడ్డాయి, అక్కడ 3 ఉన్నట్టు చూపిస్తోంది. ఇంతవరకు ఎవరినీ తప్పు పట్టను. నెట్ లేకపోతే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. నెట్ వచ్చాక ‘ఒక జత ఎక్కువ అమ్మేశారు’ అని చెప్పి, అన్నిచోట్లా సున్నా పెడితే సరిపోయేది.

అది మాత్రం షాపులోని 2ను తీసుకెళ్లి అన్నిచోట్లా రాసేసింది. వెబ్‌సైట్ ఆర్డర్లు 3 లెక్కలోంచే ఎగిరిపోయాయి. ఆ 2 జతలు మళ్లీ అమ్మకానికి కనబడ్డాయి, రాత్రికల్లా మార్కెట్‌ప్లేస్‌లో వాటికీ ఆర్డర్లొచ్చాయి. షెల్ఫులో 2, ఆర్డర్లు 5. మూడు రద్దు చేయాల్సి వచ్చింది.

‘4 అమ్ముడయ్యాయి’ అని తేడాను పంపాల్సిన చోట ‘2 ఉన్నాయి’ అని మొత్తాన్ని పంపడమే అసలు లోపం. తేడాలు పంపితే ఎవరిది ముందు చేరినా లెక్క కలుస్తుంది. మొత్తం పంపితే చివర రాసినదే మిగులుతుంది. ఫోన్ చేస్తే ‘మీ నెట్ ప్రాబ్లమ్ సార్’ అన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

రద్దులంటే కస్టమర్ల తిట్లతో పోయేది కాదు. పంపకముందే అమ్మకందారు రద్దు చేసేవి 2.5 శాతం లోపు ఉండాలని అమెజాన్ అడుగుతుంది. 40 ఆర్డర్లలో ఒక్కటి రద్దయితేనే ఆ గీత తాకినట్టు. చిన్న షాపులకు ఇదే టెన్షన్.

కాబట్టి డెమోకు వచ్చినవాళ్ల ముందే ఇలా చేయించండి. ఒక వస్తువు స్టాక్ 5 పెట్టి, షాపు నెట్ తీసేసి, కౌంటర్‌లో 2 బిల్లు వేయండి. ఫోన్‌లో వెబ్‌సైట్ నుంచి 1 ఆర్డర్ పెట్టండి. ఇప్పుడు నెట్ కలపండి. అన్నిచోట్లా 2 కనబడాలి. 3 కనబడితే షాపు లెక్క వెబ్‌సైట్‌ను తుడిచేసినట్టు, 4 అయితే వెబ్‌సైట్ షాపును తుడిచేసినట్టు. ‘ఇది డెమో వెర్షన్ సార్’ అంటే చెక్కు రాయొద్దు.

మంచి సాఫ్ట్‌వేర్‌కైనా కొన్ని నిమిషాల ఆలస్యం ఉంటుంది. అందుకే 2 జతలకు దిగిన ప్రతి వస్తువునీ ఆన్‌లైన్‌లో సున్నా చూపించే సెట్టింగ్ ఉందేమో అడగండి. శ్రీకాళహస్తి కలంకారీ చీరల్లా ఒక్కొక్కటే ఉండే సరుకైతే రెండు చోట్ల పెట్టకండి. షాపులో వేలాడదీస్తే ఆన్‌లైన్ నుంచి తీసేయండి, ఆన్‌లైన్‌లో పెడితే చీరను లోపల బీరువాలో పెట్టండి.