మూడున్నరేళ్లలో నాలుగు బస్తాలు: మా జోనంగి కుక్క తిండి సమీక్ష

మా పులస జోనంగి జాతి కుక్క. కైకలూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో పుట్టింది, రెండు నెలల పిల్లగా హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి వచ్చింది. కొల్లేటి చుట్టుపక్కల బాతుల మందలు కాసేవాళ్ల దగ్గర ఈ జాతి కనిపిస్తుంది. పొట్టి బొచ్చు, సన్నటి నడుము, మొరగడానికి బదులు రాగం తీసినట్టు ఒక అరుపు. ఇప్పుడు దానికి మూడున్నరేళ్లు, బరువు 16 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. ఈ మూడున్నరేళ్లలో నాలుగు రకాల డ్రై ఫుడ్ వాడాను. ఏ కంపెనీ అన్నది చెప్పను. బస్తా వెనక ఏముందో, అది తిన్నాక కుక్క ఎలా ఉందో మాత్రం చెప్తాను.

మొదట్లో మా అత్తగారు అన్న మాట ఇది: "అమ్మాయ్, కొల్లేటి కుక్కకి బస్తా తిండేంటి? కాస్త పెరుగన్నం పడేస్తే పోలా?" ఆవిడ మాటలో సగం నిజముంది. కుక్కలు అన్నాన్ని బాగానే అరిగించుకుంటాయి. తోడేళ్లతో పోలిస్తే కుక్కల్లో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని 2013లో ఒక జన్యు అధ్యయనం తేల్చింది. ఇబ్బంది ప్రోటీన్‌తోనే. పూటకి 300 గ్రాముల అన్నం, 100 గ్రాముల పెరుగు అనుకుంటే అందులో ప్రోటీన్ పదకొండు, పన్నెండు గ్రాములు. రెండు పూటలా కలిపి 23. పులసకి రోజుకి సుమారు 900 క్యాలరీలు కావాలి. ఆ లెక్కన ఎదిగిన కుక్కకి కనీసం 40 గ్రాముల ప్రోటీన్ అందాలి. పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ అందులో సగమే అందుతుంది. ఊళ్లో కుక్కలు ఆ మిగతా సగం చేప తలలతోనో, ఎలకతోనో పూడ్చుకుంటాయి. మా నాలుగో అంతస్తులో ఆ సౌకర్యం లేదు.

పిల్లప్పుడు పిల్లల తిండి పెట్టాం, దాని సంగతి వదిలేస్తాను. ఏడాది నిండాక కొన్న మొదటి బస్తా అందరూ కొనేదే, చవకది. ప్రోటీన్ 20 శాతం, కొవ్వు 10, పీచు 5, తేమ 10. పదార్థాల్లో మొదటిది తృణధాన్యాలు, వాటి ఉప ఉత్పత్తులు. రెండోది చికెన్, చికెన్ ఉప ఉత్పత్తులు. తర్వాత సోయా. 20 శాతం తక్కువేమీ కాదు, అమెరికాలో పాటించే ప్రమాణం ప్రకారం ఎదిగిన కుక్కకి తేమ తీసేసిన లెక్కన 18 ఉంటే చాలు. కానీ ఆ అంకె ప్రోటీన్ ఎంతో చెప్తుంది, ఎక్కడిదో చెప్పదు. ల్యాబ్‌లో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తే వచ్చేదే ఈ క్రూడ్ ప్రోటీన్. కోడి మాంసమైనా ఈకలైనా ఆ కొలతకి ఒకటే. 2007లో అమెరికాలో పెంపుడు జంతువుల తిండిలో మెలమైన్ అనే రసాయనం కలిసిన గొడవకి మూలం ఇదే, అందులో నైట్రోజన్ ఎక్కువ కాబట్టి ప్రోటీన్ అంకె పెరిగినట్టు కనబడింది.

మరి ఇంట్లో మనకి తెలిసేదెలా? పొద్దున్నే వాకింగ్‌లో తెలుస్తుంది. ఆ బస్తా తిన్నన్నాళ్లూ పులస రోజుకి నాలుగుసార్లు దొడ్డికి వెళ్లేది, మెత్తగా, కుప్పగా. కవర్‌తో ఎత్తేవాళ్లకి ఆ బరువు తెలుస్తుంది. రోజుకి 280 గ్రాములు తింటే అందులో చాలావరకు బయటికే పోతోందని నాకు అర్థమైంది.

రెండో బస్తా ధర దాదాపు రెట్టింపు. "మొదటి పదార్థం తాజా చికెన్" అని ముందువైపు పెద్ద అక్షరాలు. ప్రోటీన్ 24. నేను పడిపోయింది ఇక్కడే. జాబితాలో పదార్థాలు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు, కానీ ఆ బరువు వండకముందుది. తాజా చికెన్‌లో సుమారు 70 శాతం నీళ్లే. 20 కిలోల తాజా చికెన్ వేస్తే ఎండిన తిండిలో మిగిలేది ఆరు కిలోలు. అదే 20 కిలోల చికెన్ మీల్, అంటే ముందే ఉడికించి నీళ్లూ కొవ్వూ తీసి పొడి చేసినది వేస్తే, పద్దెనిమిది కిలోల దాకా మిగులుతుంది. పేరు వినడానికి బాగుండదు కానీ పని చేసేది మీలే. ఇంకో కిటుకు: చికెన్ కింద బియ్యం, మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, తవుడు అని నాలుగు లైన్లున్నాయి. ధాన్యమంతా ఒకచోట రాస్తే అదే మొదట వచ్చేది. ముక్కలు చేశారు కాబట్టి చికెన్ పైకెక్కింది. ఆ 24లో కొంత ప్రోటీన్ మొక్కజొన్న గ్లూటెన్‌ది.

అట్టమీద బొమ్మ వేసిన క్యారెట్, పాలకూర, పసుపు ఎంత ఉన్నాయో చూడాలంటే జాబితాలో ఉప్పు ఎక్కడుందో వెతకండి. ఉప్పు మామూలుగా ఒక శాతం చుట్టూ ఉంటుంది. దాని తర్వాత వచ్చేవన్నీ చిటికెడే. నా బస్తాలో కూరగాయలన్నీ ఉప్పు కిందే ఉన్నాయి.

తడి పౌచ్‌ల గురించి ఒక్క మాట. ప్రోటీన్ 8 శాతమని చూసి నేను మొదట నవ్వుకున్నాను. కానీ అందులో తేమ 82. అంటే నీళ్లు కాని భాగం 18, అందులో 8 ప్రోటీన్, లెక్కేస్తే 44 శాతం. రెండో బస్తాలో తేమ 10 కాబట్టి 24ని 90తో భాగిస్తే 26.7 శాతం. తేమ తీసేయకుండా తడి తిండినీ పొడి తిండినీ పోల్చకూడదు. అలాగని పౌచ్ చవక కాదు, 80 గ్రాముల పౌచ్ మొత్తంలో ఉన్నది ఆరు గ్రాముల పైచిలుకు ప్రోటీన్, ఒక కోడిగుడ్డంత.

రెండో బస్తా మీద ఉండగానే దురద మొదలైంది. పాదాలు నాకడం, చెవులు గోక్కోవడం, పొట్ట కింద ఎర్రగా. డాక్టర్ గారు ముందు పిడుదులు, ఈగలు చూశారు, చర్మం గీకి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. గజ్జి లేదన్నారు. తిండి వల్ల కావచ్చని నేనే అనుకుని, ఎవరినీ అడక్కుండా "ల్యాంబ్ అండ్ రైస్" అని రాసిన మూడో బస్తాకి మారాను. రెండు నెలలు పెట్టినా దురద తగ్గలేదు. తిండి కాదేమోలే అని వదిలేశాను.

సంక్రాంతికి ఊరెళ్లి నెల రోజులున్నాం. బస్తా మర్చిపోయి వెళ్లడంతో మా అత్తగారు అన్నం, ఉడికించిన శీలావతి చేప ముళ్లు తీసి పెట్టారు. మూడు వారాలకి పాదాలు నాకడం తగ్గింది. హైదరాబాద్ వచ్చి బస్తా తెరిచిన పది రోజులకి మళ్లీ మొదలు. ఈసారి డాక్టర్ గారికి చెప్తే, బస్తా వెనక వైపు ఫోటో పంపమన్నారు. పంపాను. ఆయన ఒక లైన్ చుట్టూ గీత గీసి తిరిగి పంపారు. ల్యాంబ్, బియ్యం, ఆ తర్వాత మూడో పదార్థం పౌల్ట్రీ మీల్. ముందువైపు గొర్రె, వెనకవైపు కోడి. రెండు నెలలు నేను చికెన్ మానేశాననుకుని చికెనే పెట్టాను.

తర్వాత ఆయన చెప్పినట్టు ఎనిమిది వారాలు చేప, అన్నం, ఆయన రాసిన క్యాల్షియం, విటమిన్ పొడి. ఆ పొడి లేకుండా ఇంటి తిండి అన్నాళ్లు పెట్టకూడదన్నారు. బిస్కెట్లు, చిరుతిళ్లు బంద్. చికెన్ రుచి వేసిన మాత్రలు కూడా బంద్. ఉల్లిపాయ పడిన పులుసు ఎలాగూ పెట్టం, కుక్కల రక్తకణాలకి అది విషం. ఆరో వారానికి పొట్ట కింద ఎరుపు పోయింది. తొమ్మిదో వారం ఉడికించిన చికెన్ పెట్టి చూశాం. మూడో రోజు రాత్రి పాదాల నాకుడు చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. రక్తపరీక్షలతో తిండి అలర్జీ నమ్మకంగా తేలదట, మానేసి మళ్లీ పెట్టి చూడటమే దారి. అన్నట్టు దేశీ కుక్కలన్నిటికీ చికెన్ పడదని నేననడం లేదు, మా పులసకి పడదు.

నాలుగో బస్తా కోసం షాపులో గంట నిలబడ్డాను. ధాన్యం లేనిది తీసుకోమని షాపు కుర్రాడు గట్టిగా చెప్పాడు. దానిలో బియ్యం బదులు బఠాణీ, కందిపప్పు లాంటివి పైన ఉన్నాయి. అలాంటి తిండికీ కుక్కల గుండె కండరం జబ్బుకీ సంబంధముందేమోనని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది. కారణం అదేనని రుజువు కాలేదు. కానీ పులసకి అన్నంతో ఏ ఇబ్బందీ లేనప్పుడు ఎక్కువ డబ్బిచ్చి ఆ అనుమానం కొనుక్కోవడం నాకు ఇష్టంలేదు.

తీసుకున్నది ఇది: మొదటి పదార్థం సముద్రపు చేపల మీల్, రెండోది బియ్యం, తర్వాత చేప నూనె. ప్రోటీన్ 26, కొవ్వు 14, పీచు 4, తేమ 10. బూడిద, అంటే ఖనిజాల శాతం రాయలేదు, ఎనిమిది అనుకుంటే పిండిపదార్థం 38 వస్తుంది. ప్రోటీన్‌ని, పిండిని 3.5తో, కొవ్వుని 8.5తో గుణించి కలిపితే 100 గ్రాములకి సుమారు 343 క్యాలరీలు. 900కి 260 గ్రాములు కావాలి. బస్తా మీద పట్టిక 300 అంటుంది. ఆ పట్టిక ప్రకారం పెట్టిన నెలలో పులస కిలోకి పైగా పెరిగింది. ఇప్పుడు 220 గ్రాములు, ఒక గుడ్డు, అంతే. రోజుకి 63 గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. పక్కటెముకలు చేతికి తగలాలి, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించాలి. లిఫ్టులో వాళ్లు "కుక్క ఎండిపోయిందేంటండీ" అంటూనే ఉంటారు, ఈ జాతి ఒళ్లే అంత.

ఇది వాడటం మొదలుపెట్టి ఇరవై నెలలైంది. దొడ్డికి రోజుకి రెండుసార్లు, గట్టిగా. బొచ్చు నిగనిగలాడుతోంది. లోపాలు: బస్తా తెరిస్తే వంటింట్లో ఎండుచేపల సంత, పైగా కిలో ధర మొదటి దానికి రెండున్నర రెట్లు. తక్కువ గ్రాములు పడుతుంది కాబట్టి నెల ఖర్చు రెట్టింపుకి కాస్త దగ్గర్లో ఆగింది.

పోయిన నెల కొత్త బస్తా వచ్చింది. అదే రంగు, అదే చేప బొమ్మ, అదే 26 శాతం. అలవాటు కొద్దీ కత్తెర పెట్టబోయే ముందు తిప్పి చూశాను. చేప నూనె ఉండాల్సిన చోట చికెన్ కొవ్వు, దాని కింద హైడ్రొలైజ్డ్ చికెన్ లివర్. మూట విప్పకుండానే వాపసు ఇచ్చేశాను. పాత స్టాకు రెండు బస్తాలు వేరే షాపులో దొరికాయి, వాటి మీద తేదీ జనవరి వరకు ఉంది.