పాత డివిడెండ్‌కు రిజిస్ట్రార్‌కు రాసేటప్పుడు: ఉత్త లేఖా, ఫారాలతో లేఖా? ఏది మేలు?

కాగితపు షేర్లు ఉన్నవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఏళ్ళ తరబడి రాని డివిడెండ్ కోసం, కంపెనీ తరఫున షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కు ఫోలియో నంబరు వేసి ఒక లేఖ రాస్తే చాలా? కేవైసీ ఫారాలన్నీ జతచేయాలా? లేక ఎలాగూ డబ్బు ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్తుంది కాబట్టి అక్కడినుంచే ఒకేసారి అడగవచ్చా?

జవాబు తేల్చేది గడువు. కంపెనీల చట్టం 124వ సెక్షన్ ప్రకారం, ప్రకటించిన 30 రోజుల్లో చేరని డివిడెండ్‌ను ఆ తర్వాతి 7 రోజుల్లో కంపెనీ ప్రత్యేక ఖాతాకు మార్చాలి. అక్కడ 7 ఏళ్ళు ఉన్నాక అది నిధికి పోతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. వరుసగా 7 ఏళ్ళు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు కూడా నిధికి వెళ్తాయి. ఆ ఏళ్ళలో ఏ ఒక్క ఏడాది డివిడెండ్ చేతికందినా వరుస తెగుతుంది, షేర్లు మీ పేరునే ఉంటాయి.

ఉదాహరణకు ఒక ఫోలియోలో 300 షేర్లు, షేరుకు ఏటా 4 రూపాయల డివిడెండ్ అనుకుందాం. 2019 సెప్టెంబరులో ప్రకటించినది మొదలు 2025 దాకా ఏదీ తీసుకోలేదు. ఏటా 1,200 చొప్పున బకాయి 8,400 రూపాయలు. 2019 డివిడెండ్ ఆ అక్టోబరు చివర్లో ప్రత్యేక ఖాతాకు చేరి ఉంటే, 2026 అక్టోబరు చివరికి గడువు తీరుతుంది. అప్పుడు పోయేది 1,200 రూపాయలే అనిపిస్తుంది, కానీ వరుస ఏడేళ్ళూ నిండాయి కనుక 300 షేర్లూ దానితోపాటే వెళ్తాయి. షేరు ధర 500 అయితే 1,50,000 రూపాయల సొత్తు. ఆపైన ఆ షేర్లమీద వచ్చే డివిడెండ్ కూడా నిధికే చేరుతుంది. కాబట్టి లేఖ రాసేది 8,400 కోసం కాదు, షేర్లను నిలుపుకోవడానికి.

ఈ లెక్కలో చూస్తే ఉత్త లేఖ బలహీనమైన దారి. 2024 ఏప్రిల్ 1 నుంచి కాగితపు షేర్ల డివిడెండ్‌ను బ్యాంకు ఖాతాలోకి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనే వేస్తున్నారు, అదీ కేవైసీ పూర్తయితేనే. చెక్కులా బ్యాంకులో వేసుకునే కొత్త డివిడెండ్ వారంట్ పంపమని అడిగితే రిజిస్ట్రార్ లోటుపాట్లు రాసి తిప్పి పంపుతారు. తీరా ఫారాలు సేకరించేలోపు గడువు దాటవచ్చు.

అందుకే ఒకే కవరులో అన్నీ పంపడమే మేలని నా అభిప్రాయం. లేఖలో కంపెనీ పేరు, ఫోలియో నంబరు, సర్టిఫికెట్‌పై ఉన్నట్టే పేరు, అడుగుతున్న ప్రతి ఏడాది, దాని మొత్తం విడివిడిగా రాయండి. కంపెనీ వెబ్‌సైట్‌లోని చెల్లించని డివిడెండ్ల జాబితాలో ఈ వివరాలు, నిధికి వెళ్ళే తేదీ ఉంటాయి. జతగా కేవైసీ ఫారం ఐఎస్ఆర్-1, మీరే సంతకం పెట్టిన పాన్, చిరునామా నకళ్ళు, పేరు అచ్చయిన ఒరిజినల్ రద్దు చెక్కు, నామినేషన్‌కు ఎస్‌హెచ్-13 గానీ, వద్దంటే ఐఎస్ఆర్-3 గానీ పెట్టండి. మార్చుకోని పాత వారంట్లు ఉంటే అవీ పెట్టండి. అవి మూడు నెలలకే చెల్లకుండా పోతాయి కనుక బ్యాంకులో వేసి లాభం లేదు. పోయి ఉంటే ఆ మాట లేఖలో రాయండి.

ఎక్కువగా దెబ్బతినేది సంతకం దగ్గర. ముప్పై ఏళ్ళ కిందటి సంతకం ఇప్పటిదానితో కలవదు. ఐఎస్ఆర్-2 మీద మీ బ్యాంకు అధికారి సంతకాన్ని ధ్రువీకరించి ముద్ర వేస్తారు. దీన్ని అడిగేవరకు ఆగకుండా మొదటే జతచేస్తే ఒక విడత ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి. ఉమ్మడి ఫోలియో అయితే అందరి సంతకాలూ ఉండాలి.

డీమ్యాట్ షేర్లకు ఈ ఫారాలు వద్దు. బ్యాంకు వివరాలు మీ డిపాజిటరీ పార్టిసిపెంట్ దగ్గర సరిచేసి, క్లయింట్ మాస్టర్ కాపీతో లేఖ పంపితే సరిపోతుంది. హోల్డరు చనిపోయి ఉంటే ముందు షేర్లను వారసుల పేరుకు మార్చే ట్రాన్స్‌మిషన్ జరగాలి.

ఇక నిధికి వెళ్ళాక అడగడం. డబ్బు పోదు, ఐఈపీఎఫ్-5 ద్వారా తిరిగి పొందవచ్చు. కానీ ఆన్‌లైన్ ఫారం, ఇండెమ్నిటీ బాండ్, కంపెనీ నోడల్ అధికారికి కాగితాలు, వారి నివేదిక, ఆపైన నిధి పరిశీలన అని సాగే దారి అది. షేర్లు తిరిగి వచ్చేదీ డీమ్యాట్ ఖాతాలోకే. ఇప్పటికే వెళ్ళిపోయిన ఏళ్ళకు వేరే దారి లేదు. మిగిలినవాటిని దానికోసం ఆపకండి, రిజిస్ట్రార్‌కు ముందు వాటికి రాయండి.

కవరును స్పీడ్ పోస్టులో పంపి రసీదు, ప్రతి కాగితం నకలు దాచుకోండి. స్పందన లేకపోతే సెబీ ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ 21 రోజుల్లో జవాబివ్వాలి. ఫిర్యాదుకు మీరు జతచేయాల్సిందీ ఆ రసీదే.