వాయిస్ మెసేజ్‌లతో జర్మన్: భాషా మార్పిడి యాప్ ఏడాదికి పైగా వాడాక

ఒకరి భాష ఒకరికి నేర్పుకునే భాషా మార్పిడి యాప్‌లో నాకు ప్రాణంగా అనిపించింది లైవ్ కాల్ కాదు, వాయిస్ మెసేజ్. బెంగళూరులో నర్సుగా పనిచేస్తూ, జర్మనీలో ఆసుపత్రి ఉద్యోగం కోసం బీ2 అనే స్థాయి జర్మన్ పరీక్షకు చదువుతూ దీన్ని వాడాను. ఈ సౌకర్యం ఇలాంటి యాప్‌లు చాలావాటిలో ఉంటుంది కాబట్టి పేరు రాయడం లేదు.

మొదట్లో నేనూ కాల్స్‌తోనే మొదలుపెట్టాను. సగం సేపు జర్మన్, సగం సేపు ఇంగ్లిష్ అన్నది ఒప్పందం. తెలుగు నేర్పుతామంటే పార్ట్‌నర్ దొరకడం కష్టం, అందుకని మనం ఇవ్వగలిగింది ఇంగ్లిషే. చిక్కంతా అక్కడే ఉంది. నాకు దొరికినవాళ్ల ఇంగ్లిష్, బీ2కి ఒక మెట్టు కింద బీ1లో ఉన్న నా జర్మన్ కంటే ఎంతో నయం. ఒక మాట కోసం నేను తడుముకోగానే, సాయం చేద్దామనే వాళ్లు ఇంగ్లిష్‌లోకి వచ్చేసేవారు. ఆ తర్వాత మళ్లీ జర్మన్‌లోకి వెళ్లేది ఉండదు. టైం సంగతి సరేసరి. ఇక్కడ రాత్రి 9 అయితే అక్కడ వేసవిలో సాయంత్రం 5:30. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 4:30, అంటే చాలామంది ఇంకా పనిలోనే ఉంటారు. దానికి నా నైట్ డ్యూటీలు తోడయ్యాయి.

నాకంటే ముందు అక్కడికి వెళ్లిన నెల్లూరు అక్క ఒకరు చెప్పిన మాటతో దారి మారింది. "వార్డులో ఎదురుగా మాట్లాడితే ఏదోలా అర్థమవుతుంది అమ్మాయ్. ల్యాబ్ నుంచి ఫోన్ వస్తేనే టెన్షన్. ముఖం కనపడదు, అంకెలు గబగబా చదివేస్తారు" అన్నారు.

జర్మన్‌లో ఒకట్ల స్థానం ముందు పలుకుతారు, పదులు తర్వాత. 67ని 'జీబెన్ ఉంట్ జెష్‌త్సిష్' అంటారు, అంటే ఏడూ అరవై. చదివితే తేలికే. చెవిన పడ్డప్పుడు మాత్రం చెయ్యి ముందు 7 వేసేస్తుంది. ఫోన్ నంబర్లు జంటలుగా చెబితే ఇంకా కష్టం.

అందుకని నా పార్ట్‌నర్‌తో ఒక పద్ధతి కుదుర్చుకున్నాను. ఆమె ఆసుపత్రి మనిషి కాదు, అదే మంచిదైంది. వైద్యపదాలను బట్టి ఊహించకుండా, వినిపించినదే రాసేది. నేను ఊహించుకున్న ఒక రోగి గురించి డ్యూటీ మారేటప్పుడు చెప్పినట్టు నిమిషం లోపు జర్మన్‌లో చెప్పి పంపుతాను. ఆమె వాక్యాలు దిద్దనక్కర్లేదు, తనకు వినపడిన అంకెలు మాత్రం టైప్ చేసి పంపాలి. ఒకసారి బీపీ 145/85 అని చెబుదామనుకున్నాను. ఆమె నుంచి వచ్చింది 154/85. మళ్లీ విన్నాను. 'ఫ్యున్ఫ్ ఉంట్ ఫీర్‌త్సిష్' అనాల్సిన చోట 'ఫీర్ ఉంట్ ఫ్యున్ఫ్‌త్సిష్' అని నా గొంతే పలికింది. లైవ్ కాల్‌లో అయితే ఇది ఇద్దరికీ తెలియకుండానే దాటిపోయేది. రికార్డింగ్ ఉంది కాబట్టి దొరికింది. ఆమె అదే వాక్యం సరిగ్గా పలికి పంపేది, రెండూ పక్కపక్కనే వినేదాన్ని. తర్వాత తిరగేసి ఆడాం: ఆమె అంకెలు చదివితే నేను కాగితం మీద రాసి ఫొటో పంపేదాన్ని.

ఉచ్చారణకూ ఇది పనికొచ్చింది. జర్మన్ జెడ్ మనవాళ్లకు తేలికే, 'చాలా' అన్నప్పుడు మన నోట వచ్చే మొదటి శబ్దమే అది. 'ఉ'కీ 'ఇ'కీ మధ్య పలికే అచ్చు మాత్రం ఎంత విన్నా రాలేదు. నాలుకతో 'ఈ' అంటూ పెదాలు గుండ్రంగా చుట్టమని ఆమె చెప్పాక కాస్త దారికొచ్చింది.

అయితే ఇది అన్నిటికీ సరిపోతుందని అనను. పంపేముందు మళ్లీ మళ్లీ రికార్డు చేసుకునే వీలుంది, ఇంటర్వ్యూలో అది ఉండదు. అందుకే మొదటిసారి చెప్పిందే పంపాలని మేం నియమం పెట్టుకున్నాం. అర్థమైతే చాలని ఆమె నామవాచకాల ముందు వచ్చే డెర్, డీ, డాస్‌లలో తప్పులు వదిలేసేది, వాటికి నాకు క్లాసులో మేడమే దిక్కు. ఇంకొకటి, పార్ట్‌నర్‌తో ఎప్పుడూ 'డూ' అనే, అంటే నువ్వు అనే మాట్లాడతాం, పెద్దవాళ్లయిన రోగులతో 'జీ', అంటే మీరు అనాలి. అది అలవాటు కావాలంటే 'ఇవాళ నువ్వు రోగివి' అని ముందే అడిగి, ఆ వేషంలో మాట్లాడించుకోవాలి. బీ2 స్పీకింగ్‌లో ఎదుటివాళ్లతో చర్చ ఉంటుంది, దానికి వాయిస్ మెసేజ్ చాలదు. పరీక్షకు ముందు మళ్లీ కాల్స్‌కే వచ్చాం. ఈసారి బుధవారం జర్మన్, శనివారం ఇంగ్లిష్ అని రోజులే విడదీశాం కాబట్టి నిలబడ్డాయి.

అమ్మాయిలు ఎవరైనా చేరితే పార్ట్‌నర్‌గా ఆడవాళ్లే కావాలని సెట్టింగ్ ముందే పెట్టుకోండి. పెళ్లి సంబంధం చూడ్డానికి వచ్చినట్టు మెసేజ్‌లు పెట్టేవాళ్లతో చాలా టైం పోతుంది.

నాకు షిఫ్టులు, పక్కన క్లాసు, ఓపికున్న పార్ట్‌నర్, ఈ మూడూ ఉండబట్టి ఇది కుదిరింది. పగటి ఉద్యోగం చేసేవాళ్లకు కాల్సే నయమనిపించవచ్చు. ఇంకా బీ1 కంటే కింది ఏ2 స్థాయి దగ్గరే ఉన్నవాళ్లు మాత్రం డబ్బు కట్టి ప్రీమియం తీసుకోవద్దు. ఆ దశలో ఎదుటివాళ్లు చెప్పింది అర్థంకాక మధ్యలోనే వదిలేస్తారు. నేను ఆఖరిదాకా ఉచిత ఖాతాతోనే గడిపాను.