1% డ్రాప్ రేట్ చూసి వంద బాక్సుల ప్యాక్ కొనబోతున్నారా, ముందు ఇది చదవండి

ఫ్రెండ్స్, ఒక గేమ్‌లో వంద బాక్సుల ప్యాక్ కొన్నాను, లెజెండరీ, అంటే అన్నిటికంటే అరుదైన ఐటమ్, వచ్చే ఛాన్స్ బాక్సుకి 1% అని స్క్రీన్ మీదే రాసుంది, అన్నీ ఓపెన్ చేశాక ఒక్కటంటే ఒక్కటి రాలేదు. సపోర్ట్‌కి రాస్తే డ్రాప్స్ అన్నీ రాండమ్ అని ఒక్క లైన్ రిప్లై. కడుపు మండింది గానీ లెక్క వేస్తే ఆ లైన్ అబద్ధం కాకపోవచ్చు, మోసమంతా 1% పక్కన వంద అనే నంబర్ పెట్టి అమ్మడంలోనే ఉంది.

ఒక్కో బాక్సులో రాకపోయే ఛాన్స్ 0.99, దాన్ని వందసార్లు గుణిస్తే 0.366. అంటే ఈ ప్యాక్ కొన్న ప్రతి వంద మందిలో దాదాపు 37 మందికి ఏమీ రాదు. మూడు ప్యాక్‌లు కొన్నా వందకి ఐదుగురు ఉత్త చేతులతోనే మిగులుతారు, ఎందుకంటే ముందు బాక్సుల్లో రాలేదన్న సంగతి తర్వాతి బాక్సుకి తెలీదు.

మరి రిగ్గింగ్‌లా ఎందుకు అనిపిస్తుందంటే కొన్ని గేమ్స్ మనకి లోపల్లోపల హెల్ప్ చేసి అలవాటు చేశాయి. డోటా 2లో చాలా క్రిటికల్స్, అంటే అప్పుడప్పుడు ఎక్కువ డ్యామేజ్‌తో పడే దెబ్బలు చూడండి, 25% అని ఉన్నచోట మొదటి దెబ్బకి నిజానికి 8.5% దగ్గరే ఉంటుంది, మిస్ అయిన ప్రతిసారీ మళ్ళీ అంతే కలుస్తుంది, 12వ దెబ్బకి తగలాల్సిందే. అదే మామూలు 25% అయితే వరుసగా 12 మిస్ అవ్వడం వందలో మూడుసార్లు జరుగుతుంది. అలాంటివి ఆడొచ్చి పచ్చి రాండమ్ చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

అనుమానం ప్రతిసారీ తప్పని కూడా అనను. 2024 జనవరిలో దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ మేపుల్‌స్టోరీ విషయంలో నెక్సాన్‌కి సుమారు 1,160 కోట్ల వోన్ ఫైన్ వేసింది, ప్లేయర్లు కోరుకునే కొన్ని ఆప్షన్ కాంబినేషన్లు అసలు రాకుండా చేసి ఆ మాట చెప్పలేదని. అయితే మన ఒక్కరి బ్యాడ్ స్ట్రీక్ దేనికీ ప్రూఫ్ కాదు, 500 బాక్సుల్లో రాకపోవడం వెయ్యిలో ఏడుగురికి జరిగేదే, లక్షమంది ఆడితే అలాంటోళ్ళు ఆరేడు వందలమంది ఉంటారు, పోస్టులు పెట్టేది కూడా వాళ్ళే. అనుమానముంటే చాలామంది కలిసి, వచ్చినా రాకపోయినా మొదటి బాక్సు నుంచి రాసుకున్న లాగ్స్ కావాలి.

కొనేముందు డీటెయిల్స్ పేజీ తెరిచి ఆ 1% మీకు కావాల్సిన ఐటమ్‌కా, మొత్తం లెజెండరీలకా చూడండి. ఐదు లెజెండరీలు సమానంగా పంచుకుంటే మీదానికి మిగిలేది 0.2%, అప్పుడు వంద బాక్సుల్లో వచ్చే ఛాన్స్ 18% మాత్రమే. పిటీ ఉందా, అంటే ఇన్ని తెరిస్తే గ్యారంటీ అని నంబర్ రాశారా, ఈవెంట్ అయిపోతే ఆ కౌంటర్ సున్నాకి పోతుందా అన్నది కూడా అక్కడే వెతకండి. రాయలేదంటే పిటీ లేదనుకునే లెక్క వేసుకోండి.