కూడితే లెక్క సరిపోని బిల్లు టెంప్లేట్ కొన్నాను, మీరు జాగ్రత్త

మా చిన్న షాపు కోసం ఆన్‌లైన్‌లో ఒక ఎక్సెల్ ఇన్వాయిస్ టెంప్లేట్ కొన్నాను. అమ్మినాయన పెట్టిన నమూనా చూడముచ్చటగా ఉంది. పన్ను నంబరుకు చోటు, పన్ను శాతానికి వేరే గడి, కింద స్టాంపు బాక్స్, అన్నీ ఉన్నాయి. కానీ అందులో ధరలన్నీ 100, 200 లాంటి రౌండ్ ఫిగర్లే. అది నేను గమనించలేదు.

నాలుగు రోజులకే ఒక కస్టమర్ బిల్లు పట్టుకుని వెనక్కి వచ్చాడు. మూడు వస్తువులు, ఒక్కోటి 33.35, పన్ను 5 శాతం. ఒక్కో వరుసలో పన్ను 1.67 అని ఉంది. మూడూ కూడితే 5.01 రావాలి. కింద మాత్రం మొత్తం పన్ను 5.00 అని పడింది. చిల్లర తేడానే, కానీ బిల్లు చేతిలో పెట్టుకుని ఎదుటివాడు వేళ్ల మీద కూడుతుంటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో చెప్పలేను.

ఇంటికెళ్లి చూస్తే సంగతి తెలిసింది. అసలు పన్ను 1.6675. సెల్‌లో రెండు దశాంశ స్థానాలే కనిపించేలా ఫార్మాట్ చేసి వదిలేశారు. కంటికి 1.67, లోపల మాత్రం 1.6675. అలాంటివి మూడు కలిస్తే 5.0025, అది 5.00గా కనిపిస్తుంది. ప్రతి వరుసలోనూ ఇలా రాసి ఉంటే సరిపోయేది (E5లో ఉన్నది పన్నుకు ముందు విలువ):

```
=ROUND(E5*5%,2)
```

లేదంటే వరుసల్లో పన్ను చూపకుండా, కింద 100.05 మీద ఒకేసారి లెక్కించి రౌండ్ చేయొచ్చు. అప్పుడు 5.00 సరైనదే. రెండిట్లో ఏది వాడాలో మీ పన్ను నిబంధనలు చూసుకోండి. నాకు అమ్మిన షీట్‌లో పై భాగం ఒక పద్ధతి, కింది భాగం ఇంకో పద్ధతి.

పోనీ నేనే సరిచేసుకుందామంటే షీట్‌కు పాస్‌వర్డ్. అడిగితే మార్పులకు వేరే చార్జ్ అన్నాడు. డబ్బులు వెనక్కి ఇవ్వడట.

స్టాంపు బాక్స్ సంగతి ఇంకో తంటా. మా గుండ్రటి స్టాంపు 40 మిల్లీమీటర్లు, బాక్స్ 25. అదీ మొత్తం అంకె పక్కనే, ముదురు నీలం రంగు మీద. స్టాంపు వేస్తే అంకె కనబడదు, అంకె వదిలి వేస్తే స్టాంపు కాగితం దాటిపోతుంది. కనీసం 50 మిల్లీమీటర్ల తెల్లటి చోటు, మొత్తం అంకెకు దూరంగా, సంతకం గీత పైన ఉండాలి.

కొనేముందు అమ్మేవాళ్లను ఒక్కటి అడగండి: 33.35 ధరతో మూడు వరుసలు వేసి, ఒక పేజీ ప్రింట్ పీడీఎఫ్ పంపమనండి. పంపితే కాలిక్యులేటర్‌తో కూడి చూడండి, మీ స్టాంపు ఆ కాగితం మీద నిజంగా వేసి చూడండి. ఫార్ములాలు లాక్ చేసి ఉంటాయా అని కూడా ముందే రాతపూర్వకంగా చెప్పించుకోండి.