ముప్పై రోజుల గడువు: ఐఫోన్ మెసేజెస్‌లోని Recently Deleted, మూడేళ్ల వాడకం తర్వాత

తొలగించిన మెసేజ్‌లను కొన్నాళ్లు దాచి ఉంచే ఈ ఫోల్డర్ ఐఓఎస్ 16తో 2022 సెప్టెంబరులో వచ్చింది. దాని గురించి అప్పట్లో నేను తెలిసినవాళ్లందరికీ ఉత్సాహంగా చెప్పాను. అంతకుముందు ఐఫోన్‌లో ఒక ఎస్సెమ్మెస్ తొలగిస్తే, పాత బ్యాకప్‌ను ఫోన్ మొత్తానికీ ఎక్కించుకోవడం తప్ప దాన్ని తిరిగి తెచ్చుకునే దారి దాదాపు లేదు. ఇప్పటికీ దీన్ని మెచ్చుకుంటాను. అయితే ఈ మూడేళ్లలో ఒకసారి ఇది నన్ను పెద్ద నష్టం నుంచి కాపాడింది, మరోసారి సరిగ్గా అవసరమైన రోజున ఖాళీగా కనిపించింది. ఆ రెండు అనుభవాలకూ మధ్య తేడా కొన్ని రోజులు మాత్రమే.

మొదటిది అద్దె ఇంటి అడ్వాన్సు సంగతి. హైదరాబాద్‌లో నాలుగేళ్లున్న ఇల్లు ఖాళీ చేసి, మార్చి 2న ఫోన్ సర్దుకుంటూ, ఇక అవసరం లేదనుకుని ఇంటి యజమానితో జరిగిన సంభాషణను మొత్తంగా తొలగించాను. నెలాఖరుకు ఆయన అడ్వాన్సులో రెండు నెలల అద్దెను రంగుల ఖర్చు కింద పట్టుకుంటానన్నారు. రంగుల ఖర్చు తానే పెట్టుకుంటానని మూడేళ్ల క్రితం ఆయనే మెసేజ్ పెట్టినట్టు నాకు గుర్తుంది, కానీ చూపించడానికి అది నా దగ్గర లేదు. మార్చి 28న మెసేజెస్ తెరిచి, సంభాషణల జాబితాలో ఎడమవైపు పైన ఉన్న Edit నొక్కి, Show Recently Deleted ఎంచుకున్నాను. కొన్ని ఫోన్లలో ఈ ఫోల్డర్ Filters కింద ఉంటుంది. ఇంటి యజమాని పేరు, దాని కింద మెసేజ్‌ల సంఖ్య, పక్కన మిగిలిన గడువు నాలుగు రోజులు అని కనిపించాయి. పేరు పక్కనున్న వృత్తాన్ని తాకి, కింద ఉన్న Recover నొక్కి, అది మళ్లీ అడిగినప్పుడు సరేనన్నాను. తొలగించినవన్నీ పాత తేదీలతోనే, పాత వరుసలోనే వచ్చి కూర్చున్నాయి. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ పంపిన రెండో రోజున అడ్వాన్సు పూర్తిగా నా ఖాతాలో పడింది.

ఆ సంతోషంలో నేను గమనించని విషయం ఒకటుంది. ఈ ఫోల్డర్‌లో ఏ మెసేజ్‌నూ తెరిచి చదవలేము. ఎవరితో సంభాషణ, ఎన్ని మెసేజ్‌లు, ఎన్ని రోజులు మిగిలాయి అన్నంత వరకే కనిపిస్తుంది. లోపల ఏముందో తెలియాలంటే ముందు వెనక్కి తెచ్చుకోవాలి. అందులోనూ కావలసిన ఒక్క మెసేజ్‌ను విడిగా తీసుకునే వీలు లేదు, ఆ సంభాషణలో తొలగించినవన్నీ కలిసి వస్తాయి. ఇంటి యజమాని విషయంలో పేరు ఒక్కటే కాబట్టి ఇబ్బంది కలగలేదు. బ్యాంకు మెసేజ్‌లతో మాత్రం ఇది నిజంగా విసిగిస్తుంది.

మన దేశంలో బ్యాంకులు, కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌లు ఫోన్ నంబరు నుంచి రావు, అక్షరాలతో కూడిన హెడర్ నుంచి వస్తాయి. అందులో మొదటి రెండు అక్షరాలు టెలికాం సంస్థనూ సర్కిల్‌నూ తెలుపుతాయి, అవి మారుతూ ఉంటాయి. ఒకే బ్యాంకు పంపినవైనా ఆ రెండక్షరాలు మారితే ఐఫోన్ వాటిని వేర్వేరు సంభాషణలుగా పెడుతుంది. ఒకసారి ఒక లావాదేవీ మెసేజ్ కోసం ఫోల్డర్ తెరిస్తే, ఒకే బ్యాంకు పేరున పదకొండు వరుసలు కనిపించాయి. ఏది వెనక్కి తేవాలో చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. చివరికి ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చి, చదివి, అక్కరలేనివి మళ్లీ తొలగించాల్సి వచ్చింది. 2025 నుంచి హెడర్ చివర ప్రచార మెసేజ్‌కు P, లావాదేవీకి T, సేవలకు S, ప్రభుత్వానికి G అనే అక్షరం కూడా వస్తోంది. ఇప్పుడు కనీసం Pతో ముగిసే వరుసలను పక్కన పెట్టగలుగుతున్నాను. ఇది ఫోల్డర్ గొప్పతనం కాకపోయినా, దీన్ని వాడేటప్పుడు నాకు పనికొచ్చిన కిటుకు ఇదొక్కటే. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఏ వరుసనూ ఎంచుకోకముందు స్క్రీన్ అడుగున Delete All, Recover All రెండూ ఉంటాయి. తొందరలో మొదటిదాన్ని నొక్కి, ఆపైన వచ్చే ప్రశ్నకు కూడా సరేనంటే, ఆ మెసేజ్‌లను ఈ ఫోల్డర్ ఇక తిరిగి ఇవ్వలేదు.

ఇక రెండో అనుభవం. జులై 10న ఒక కొరియర్ సంస్థ నుంచి వచ్చిన మెసేజ్‌లన్నీ ఒకేసారి తొలగించాను. వాటిలో ఒకదానిలో, దారిలో పగిలిపోయిన పార్సిల్‌పై నేను పెట్టిన ఫిర్యాదు నంబరు ఉంది. ఆగస్టు 13న పరిహారం కోసం ఫోన్ చేస్తే వాళ్లు ఆ నంబరు అడిగారు. నలభై రోజుల వరకు ఉంటాయి కదా అన్న ధీమాతో ఫోల్డర్ తెరిచాను. ఆ పేరే అక్కడ లేదు. అప్పటికి ముప్పై నాలుగు రోజులు గడిచాయి.

తప్పు ఎక్కడ జరిగిందో ఆ తర్వాత ఫోల్డర్‌లోని వాక్యాన్ని నిదానంగా చదివితే అర్థమైంది. మిగిలిన రోజుల లెక్క ముప్పై నుంచి మొదలవుతుంది. ఆ లెక్క పూర్తయ్యాక మెసేజ్‌లు శాశ్వతంగా తొలగిపోతాయని, అందుకు నలభై రోజుల వరకు పట్టవచ్చని అక్కడ రాసి ఉంటుంది. నేను ఆ నలభైని నాకిచ్చిన గడువుగా చదువుకున్నాను. అది తుడిచే పని పూర్తవడానికి ఫోన్ తీసుకునే గరిష్ఠ సమయం. ముప్పై ఒకటో రోజున మెసేజ్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. నలభైకి మించి ఉంటుందన్న ఆశ ఎలాగూ లేదు. అందుకే ఎవరైనా ఎన్ని రోజులని అడిగితే ఇప్పుడు నేను ముప్పై అనే చెబుతున్నాను. గతంలో నా మాట విని నలభై అనుకున్న మిత్రులకు కూడా ఫోన్ చేసి సరిదిద్దాను.

తొలగించినది నిజంగా పోవాలని కోరుకునేవారికి ఇదే ముప్పై రోజులు ఎదురు తిరుగుతాయి. ఫోన్ అన్‌లాక్ చేసి ఇంకొకరి చేతికిస్తే, వారు ఈ ఫోల్డర్ తెరిచి, మీరు ఎవరితో సంభాషణ తొలగించారో చూడవచ్చు, దాన్ని వెనక్కి తెచ్చి చదవనూ వచ్చు. అలాంటివాటిని ఇక్కడికి వచ్చి రెండోసారి Delete చేయాలి. ఐక్లౌడ్‌లో మెసేజ్‌లు పెట్టుకున్నవారికి ఒక పరికరంలో తొలగించినది మిగతా పరికరాల్లోనూ తొలగిపోతుంది కనుక, ఐప్యాడ్‌లో ఇంకా మిగిలే ఉంటుందన్న భరోసా కూడా పెట్టుకోకూడదు.

అద్దె ఇళ్లలో ఉంటూ, బ్యాంకు, కొరియర్ వ్యవహారాలను ఎస్సెమ్మెస్‌ల మీద నడిపే నాలాంటివారికి ఈ ఫోల్డర్ ఉండటమే మేలు. మా ఇంట్లోనే మా అక్కకు దీని అవసరం ఎప్పుడూ పడలేదు. ఆమె మాటలన్నీ వాట్సాప్‌లోనే జరుగుతాయి, వాటితో ఈ ఫోల్డర్‌కు సంబంధం లేదు. నేను మాత్రం ప్రతి నెల మొదటి ఆదివారం దీన్ని ఒకసారి తెరిచి, పదిలోపు రోజులు మిగిలిన పేర్లను చూసుకుంటున్నాను. ఫిర్యాదు నంబర్లను మెసేజ్ వచ్చిన రోజునే నోట్స్‌లో రాసి పెట్టుకుంటున్నాను.